రాజోలిలో మా పాత ఇంటి గోడ ఏ రంగు? నలుపు-తెలుపు ఫోటోకి ఫోన్‌లోనే నమ్మదగ్గ రంగులు ఎలా వేశానంటే

మా ఇంట్లో పాత కాలం నాటి ఫోటో ఒక్కటే మిగిలింది. 1974 వైశాఖంలో మా మేనత్త పెళ్లికి, రాజోలిలో పాత ఇంటి ముందు తీసిన గ్రూప్ ఫోటో అది. ముందు వరసలో ఎనిమిదేళ్ల మా నాయిన, వెనక మా అవ్వ, ఆమె వెనక ఇంటి గోడ, గోడ మీదుగా ఒక వేపచెట్టు, ఆ పైన తెల్లటి ఆకాశం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద రాజోలిని ముంచెత్తినప్పుడు మా మట్టి మిద్దె కూలిపోయింది.

పోయిన ఏడాది మా చిన్నాయన కొడుకు ఈ ఫోటోని ఒక యాప్‌లో పెట్టి, ఒక్క బటన్ నొక్కి, కలర్ చేసి, ఫ్రేమ్ కట్టించి తెచ్చాడు. చూడ్డానికి బాగానే ఉంది. గోడ లేత క్రీమ్ రంగు, చెట్టు నిండా ముదురు పచ్చ, ఆకాశం క్యాలెండర్ బొమ్మలాగా నీలం. అవ్వ చేతిలో పెడితే కాసేపు చూసి, “ఇది మన ఇల్లు కాదు గదరా. ఎవరింటి ముందర నిలబడినాము మేము?” అంది.

అందరం నవ్వాం. కానీ ఇంట్లో చిన్నపిల్లలు అప్పటికే “మన పాత ఇల్లు క్రీమ్ కలర్” అనడం మొదలుపెట్టారు. ఇల్లు ఎలాగూ లేదు, దాన్ని చూసినవాళ్లు కూడా తగ్గిపోతున్నారు. ఇంకో పదేళ్లు పోతే ఆ తప్పుడు గోడే మా ఇల్లు అయిపోతుంది. అందుకే నేనే కూర్చుని మళ్లీ చేశాను. మనుషుల ముఖాలు, బట్టల రంగులు వేరే కథ, వాటి జోలికి పోవట్లేదు. వెనకున్న గోడ, ఆకాశం, చెట్టు, ఈ మూడింటికీ రంగు ఎలా తేల్చుకోవాలో, ఫోన్‌లో ఎలా వేయాలో మాత్రమే ఇక్కడ చెప్తాను.

ఒక్క బటన్ యాప్‌కి గోడ రంగు ఎందుకు తెలీదు?

నలుపు-తెలుపు ఫోటోలో మిగిలేది వెలుగు ఎంత అన్నది మాత్రమే. ఏ రంగు అన్నది ఫిల్మ్ మీద పడినప్పుడే పోయింది. ఒక ఉదాహరణ చూడండి. లేత నీలం గోడ, RGB విలువలు 190, 212, 228 అనుకుందాం. లేత పసుపు గోడ, 235, 210, 140 అనుకుందాం. వీటిని గ్రే చేయడానికి మామూలుగా వాడే లెక్క ఇది:

```
గ్రే = 0.299×R + 0.587×G + 0.114×B
```

నీలం గోడకి 207 వస్తుంది, పసుపు గోడకి సుమారు 209 వస్తుంది. కంటికి రెండూ ఒకే గ్రే. అంటే ఆ గ్రే చుక్కని ఎంత జూమ్ చేసి చూసినా అది నీలమో పసుపో చెప్పదు.

మరి యాప్ ఎలా చెప్తుంది? లక్షల కలర్ ఫోటోలు చూసి, “ఇలాంటి ఆకారానికి మామూలుగా ఏ రంగు ఉంటుంది” అని నేర్చుకుంటుంది. 2016లో రిచర్డ్ జాంగ్, ఫిలిప్ ఐసోలా, అలెక్సీ ఎఫ్రోస్ కలరైజేషన్ మీద రాసిన పేపర్‌లో సుమారు 13 లక్షల ఫోటోలతో ఇలాగే నేర్పించారు. ఆకాశానికి, గడ్డికి ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అవి ఎక్కడైనా దాదాపు ఒకటే. గోడ అలా కాదు. గోడ ఏ రంగైనా ఉండొచ్చు. అన్ని రంగులకీ అవకాశం ఉన్నచోట ఇలాంటి పద్ధతులు మధ్యస్థంగా ఉండే క్రీమ్, గోధుమ రంగుల వైపే జారతాయి. మా గోడకి జరిగింది అదే. అది యాప్ అంచనా, మా ఇంటి సంగతి కాదు. ఇంటి సంగతి ఇంకెక్కడి నుంచైనా రావాలి.

ముందు ఫోటోని సరిగ్గా కాపీ చేసుకోండి

ఫ్రేమ్ నుంచి ఫోటో బయటికి తీశాను. గాజు మీదుగా తీస్తే మెరుపు వస్తుంది, ఆ మెరుపే తర్వాత ఆకాశంలా కనిపిస్తుంది. ఉదయం పూట ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి, ఫోన్‌ని దానికి సమాంతరంగా పట్టుకుని, 2x జూమ్‌తో తీశాను. దగ్గరికి పోయి వైడ్ లెన్స్‌తో తీస్తే అంచులు వంగుతాయి. ఫ్లాష్ వద్దు. HDR, సీన్ ఆప్టిమైజర్ లాంటివి ఆపేశాను, ఎందుకంటే అవి గ్రేలని వాటికి నచ్చినట్టు మార్చేస్తాయి. మనకి ఆ గ్రేలే ఆధారం.

పాత ప్రింట్ పసుపెక్కి ఉంటుంది కాబట్టి గ్యాలరీ ఎడిటర్‌లో సాచురేషన్‌ని పూర్తిగా సున్నా చేసి, దాన్ని వేరే ఫైల్‌గా సేవ్ చేశాను. రంగులు వేయడానికి ఆండ్రాయిడ్‌లో ఫ్రీగా దొరికే ఐబిస్ పెయింట్ ఎక్స్ వాడాను. ఫోటో ఇంపోర్ట్ చేయగానే లైన్ డ్రాయింగ్ తీయమంటారా అని అడుగుతుంది, అక్కడ Cancel కొట్టాలి. లేయర్లు, `Color`, `Multiply` అనే రెండు బ్లెండ్ మోడ్‌లు ఉన్న ఏ యాప్ అయినా సరిపోతుంది. బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలో కూడా ఇదంతా చేయొచ్చు.

ఫోటోలోనే దొరికే కొలబద్ద: పసుపు గడప

రంగు వేసే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ రోజుల ఫిల్మ్ రంగుల్ని ఎలా చూసింది? పాత ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు. దాని మీద కుంకుమ బొట్టు దాదాపు నల్లగా, పసుపు కూడా బాగా ముదురుగా వస్తుంది. తర్వాత వచ్చిన పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ అన్ని రంగుల్నీ చూస్తుంది, కాకపోతే నీలాన్ని మన కంటికన్నా కాస్త ఎక్కువ వెలుగుగా చూస్తుంది.

మా ఫోటోలో దీన్ని తేల్చే వస్తువు ఒకటి ఉంది. పెళ్లి ఇల్లు కాబట్టి గడపకి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. ఆ రెండు రంగులూ మనకి ముందే తెలుసు, ఎవరినీ అడగక్కర్లేదు. జూమ్ చేసి చూస్తే గడప మధ్యస్థమైన గ్రేలో, బొట్లు దానికన్నా ముదురుగా, కానీ నల్లగా కాకుండా ఉన్నాయి. ఆర్థోక్రొమాటిక్ అయితే గడప, బొట్టు రెండూ కలిసిపోయి చీకటిగా ఉండేవి. కాబట్టి ఇది పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్. 1974 నాటికి ఉండాల్సింది కూడా అదే.

మీ ఫోటోలోనూ ఇలాంటిది ఒకటి వెతకండి. తులసికోట మీది పసుపు, గుమ్మానికి మామిడాకులు, తెల్ల పంచె, ఏదో ఒకటి దొరుకుతుంది. 1930లు, 40ల నాటి ఫోటో అయితే ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. లేకపోతే ఎర్రటి వస్తువుని నల్లదనుకుని వదిలేస్తారు.

గోడ: అవ్వ నీలం అంది, నాయిన పసుపు అన్నాడు

నేను చేసిన మొదటి తప్పు అవ్వకి యాప్ ఫోటో చూపించడం. కలర్ ఫోటో ఒకసారి చూశాక జ్ఞాపకం దాని వైపు లాగబడుతుంది. కాబట్టి మీరు పెద్దవాళ్లని అడిగేటప్పుడు నలుపు-తెలుపు ఫోటోనే చూపించండి. “నీలమా?” అని కూడా అడగొద్దు. “గోడకి ఏం పూసేవాళ్లు?” అని అడగండి.

అవ్వ చెప్పింది: “సున్నంలో ఇంత నీలిమందు కలిపి కొడుతుంటిమి. పెండ్లికని రెండు సార్లు కొట్టించిరి. కింద జాజు పట్టీ.” నీలిమందు అంటే తెల్లబట్టలకి పెట్టే నీలం పొడి. జాజు అంటే గోడ అడుగున, అరుగుకి పూసే ఎర్రమట్టి. నాయిన మాత్రం ఒప్పుకోలేదు. “లేదమ్మా, మన గోడ పసుపే. నేను బడికి పోయేటప్పుడు పసుపే ఉండె.” ఇద్దరూ గట్టిగానే చెప్తున్నారు.

“నీలం” అన్న మాట ఒక్కటీ సరిపోదు. ఎంత నీలం? స్క్రీన్ మీద రంగులు చూపిస్తే అవ్వకి అన్నీ మెరుస్తూ ఒకేలా కనిపించాయి. కానీ ఆమె జీవితమంతా మగ్గం దగ్గర గడిపిన మనిషి. రాజోలి నేతగాళ్ల ఊరు. అందుకే మా బంధువుల మగ్గం దగ్గర మిగిలిన నూలు కండెలు, లేత నీలాలు, పసుపులు, తెలుపులు ఒక పన్నెండు తెచ్చి, ఆరుబయట నీడలో చాప మీద పరిచాను. అవ్వ ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. దాదాపు తెలుపులా కనిపించే ఒక నీలం కండెని తీసి, “దీని కన్నా ఇంకొంచెం తెలుపు” అంది. ఫోన్‌లో తిప్పే స్లైడర్ కన్నా చేతిలో నూలు బాగా పనిచేసింది. మీ ఇంట్లో నూలు ఉండకపోవచ్చు, పాత చీరలు, పెయింట్ షాపులో ఇచ్చే షేడ్ కార్డు కూడా పనికొస్తాయి. చూసేది మాత్రం పగటి వెలుగులో, నీడలో ఉండాలి.

తర్వాత పాత ఊరికి పోయాం. మా ఇల్లు ఉన్నచోట రాళ్ల కుప్ప, దాని మధ్య మోకాలెత్తు మిగిలిన గోడ ముక్క ఒకటి ఉంది. అందులో సగం విరిగిన దీపం గూడు. గూడు అంచున సున్నం పెచ్చు లేచి ఉంటే, బ్లేడుతో మెల్లగా తీసి, విరిగిన అంచుని ఫోన్ మాక్రో మోడ్‌లో చూశాం. ఉల్లిపాయ పొరల్లా ఉంది. రాయి వైపు తెలుపు, దాని మీద పలచని నీలం పొరలు కొన్ని, వాటి మీద చిక్కటి పసుపు, అన్నిటికన్నా పైన గులాబీ. అంటే నీలం ముందు, పసుపు తర్వాత. అవ్వ, నాయిన ఇద్దరూ నిజమే చెప్పారు, వేరే వేరే సంవత్సరాల గురించి. ఈ పొరల రంగుని నమ్మొచ్చు కూడా. నీలం పొడిలో ఉండే అల్ట్రామెరైన్ సున్నపు క్షారానికి చెడదు, పసుపుమట్టి ఎండకి వెలవదు, పైగా మీది పొర కింది పొరని దుమ్ము నుంచి కాపాడింది.

ఇంక 1974లో ఉన్నది ఏ పొర? ఇక్కడ ఫోటో గ్రేని పనిలోకి దించాను. రెండు పెచ్చుల్నీ తెల్ల పంచె ముక్క పక్కన పెట్టి, నీడలో ఫోటో తీసి, సాచురేషన్ సున్నా చేసి, ఐడ్రాపర్‌తో విలువలు చూశాను. పంచెకి 215, నీలం పెచ్చుకి 200, పసుపు పెచ్చుకి 181 వచ్చాయి. పాత ఫోటోలో అదే ఎండలో ఉన్న తాత పంచెకి 218, గోడకి 204. తేడా 14. నీలం పెచ్చుకి తేడా 15, పసుపుకి 34. గోడ నీలం వైపే ఉంది. ఫోన్ సెన్సర్, పాత ఫిల్మ్ ఒకేలా చూడవు, ప్రింట్‌లో కాంట్రాస్ట్ కూడా మారుతుంది. కాబట్టి ఈ అంకెల్ని కోర్టులో సాక్ష్యంలా వాడకూడదు. కానీ పాత ఫిల్మ్ నీలాన్ని ఇంకా తెల్లగా, పసుపుని ఇంకా ముదురుగా చూపించేది. అంటే ఆ తేడా నా తీర్పుని బలపరిచే దిశలోనే ఉంది. అవ్వ మాట, పొరల వరస, గ్రే తేడా మూడూ ఒకే వైపు చూపించాక నీలం ఖాయం చేశాను.

వేయడం సులువు. ఫోటో మీద కొత్త లేయర్ తీసుకుని, దాని మోడ్‌ని `Color` చేయాలి. ఈ మోడ్‌లో మీరు వేసే రంగు నుంచి రంగు, దాని గాఢత మాత్రమే తీసుకుంటుంది, వెలుగునీడలు కింది ఫోటోవే ఉంటాయి. HSB స్లైడర్‌లో H 206, S 12 దగ్గర పెట్టి గోడంతా పూశాను. అంతే చేసి వదిలేస్తే ప్లాస్టిక్ షీట్ అంటించినట్టు ఉంటుంది. నిజమైన గోడ ఎక్కడా ఒకే రంగులో ఉండదు. అందుకని ఇంకో `Color` లేయర్ మీద, మెత్తటి బ్రష్‌ని 15 శాతం ఒపాసిటీలో పెట్టి మూడు మార్పులు చేశాను. మట్టి మిద్దె మీద వానకి కారిన చారలకి లేత మట్టి రంగు. గోడ కింది సగానికి, నేల మీద పడిన ఎండ తిరిగి గోడని తాకుతుంది కాబట్టి, కొంచెం వెచ్చదనం. చూరు నీడలో, అక్కడ పడేది ఆకాశపు వెలుగే కాబట్టి, కాస్త ఎక్కువ నీలం. గోడ అడుగున గ్రేలో ముదురుగా కనిపించిన అడుగెత్తు పట్టీకి జాజు రంగు, H 14, S 48. ఆ పట్టీ పడగానే గోడ రంగు నమ్మబుద్ధేసింది.

ఆకాశం: తెల్లగా ఉంటే మబ్బు అని కాదు

ఫోటోలో ఆకాశం పూర్తి తెలుపు. అలాగే వదిలేయాలా, నీలం వేయాలా? దీనికి జవాబు ఆకాశంలో కాదు, నేల మీద ఉంది. నీడలు చూడండి. మా ఫోటోలో మనుషుల కాళ్ల దగ్గర నీడల అంచులు కత్తిరించినట్టు ఉన్నాయి. మబ్బు పట్టిన రోజైతే నీడ అసలు కనపడదు, లేదా అంచు లేకుండా పలచగా ఉంటుంది. కాబట్టి ఆ రోజు ఎండ కాసింది. మా ఇల్లు తూర్పు ముఖం, గోడ మీద నేరుగా ఎండ పడుతోంది. అంటే ఉదయం. సూర్యుడు ఫోటో తీసినాయన వెనక ఉన్నాడు, కెమెరా పడమటి ఆకాశం వైపు చూస్తోంది.

మరి తెల్లగా ఎందుకొచ్చింది? ఫిల్మ్ నీలాన్ని ఎక్కువ వెలుగుగా చూస్తుందని పైన చెప్పాను కదా. పసుపు ఫిల్టర్ లేకుండా, మనుషుల ముఖాలకి సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెడితే ఆకాశం మొత్తం తేలిపోతుంది.

అలాగని క్యాలెండర్ నీలం వేయకూడదు. వైశాఖంలో మా నడిగడ్డ ఆకాశం పొద్దున ఎనిమిది దాటితే పైన కొంచెం నీలం, కిందికి వచ్చేకొద్దీ దుమ్ముతో పాలిపోయిన తెలుపు. నేను అదే నెలలో, అదే వైపు తిరిగి, ప్రో మోడ్‌లో ఒక ఫోటో తీసుకుని దాన్ని పక్కన పెట్టుకున్నాను. ఆటో మోడ్‌లో తీస్తే చాలా ఫోన్లు ఆకాశానికి నీలం వాటంతట అవే పెంచేస్తాయి, ఆ ఫోటో ఆధారంగా పనికిరాదు.

ఇక్కడ `Color` మోడ్ పనిచేయదు. పూర్తి తెలుపు మీద ఆ మోడ్‌లో ఏ రంగు వేసినా తెల్లగానే ఉంటుంది, ఎందుకంటే వెలుగు మారదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, మామూలు లేయర్ మీద నీలం పూసేస్తారు, అది చెట్టు కొమ్మల అంచుల దగ్గర కత్తెరతో కోసి అంటించినట్టు వస్తుంది. దానికి బదులు `Multiply` లేయర్ తీసుకోండి. ఈ మోడ్ తెలుపుని మీ రంగుగా మారుస్తుంది, ముదురు భాగాల్ని దాదాపు తాకదు. ఫ్రేమ్ పై అంచున H 210, S 28, B 86, మిద్దె అంచు దగ్గర H 200, S 7, B 95, మధ్యలో గ్రేడియంట్. ఆకుల సందుల్లో ఒక్కో చుక్కా కత్తిరించక్కర్లేదు, గ్రేడియంట్‌ని చెట్టు మీదుగానే పోనివ్వండి. ఆకులు ముదురు కాబట్టి అవి అలాగే ఉంటాయి, సందుల్లో మాత్రం ఆకాశం కనిపిస్తుంది. గోడ, మనుషుల మీద మాత్రం ఇరేజర్‌తో తుడిచేయాలి, అవి తేలిక రంగులు కాబట్టి మురికిపడతాయి.

ఇంకో చిక్కు ఉంది. పాత ఫోటో అంతా గరుకుగా ఉంటుంది, మీ గ్రేడియంట్ మాత్రం నున్నగా ఉంటుంది. వేసిన ఆకాశం అని కన్ను పట్టేసేది అక్కడే. ఆ లేయర్ మీదే చిన్న చుక్కల స్ప్రే బ్రష్‌ని 5 శాతం ఒపాసిటీలో పెట్టి, కాస్త ముదురు నీలం ఒకసారి, కాస్త తెలుపు ఒకసారి చల్లాను. 100 శాతం జూమ్‌లో ఆకాశం, గోడ ఒకే గరుకులో కనిపించాలి.

చెట్టు: ఒక పచ్చ చాలదు

యాప్ వేసిన చెట్టులో తప్పు ఏంటంటే అంతా ఒకే పచ్చ, అదీ చిలకపచ్చ. నిజం ఆకుపచ్చలో పసుపు పాళ్లు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. కలర్ వీల్‌లో స్వచ్ఛమైన పచ్చ H 120 దగ్గర ఉంటుంది. నేను తీసిన వేపచెట్టు ఫోటోల్లో ఐడ్రాపర్ పెడితే ఎక్కువ చోట్ల 70కి, 95కి మధ్యే వచ్చింది. S కూడా 40 దాటడం అరుదు.

ముందు అది ఏ చెట్టో, ఏ నెలో తెలియాలి. వేప చైత్రం ముందర ఆకు రాల్చి, ఎర్రటి చిగురు వేసి, పూసి, వైశాఖానికి లేత పచ్చగా నిండుగా ఉంటుంది. వానాకాలం తర్వాత అదే చెట్టు బాగా ముదురుతుంది. పెళ్లి ఎప్పుడు జరిగిందో మాకు తెలుసు కాబట్టి లేత పచ్చే ఎంచుకున్నాను. నెల తెలియకపోతే కొమ్మలు ఎంత బోడిగా ఉన్నాయో, మనుషులు ఏం కప్పుకున్నారో చూసి ఊహించాలి.

`Color` లేయర్ మీద చెట్టుని వెలుగుని బట్టి మూడు భాగాలు చేశాను. ఎండ నేరుగా పడే ఆకులకి H 80, S 34. కొమ్మల లోపలి నీడకి H 96, S 22. అంచుల్లో ఎండ ఆకు గుండా దూరి వచ్చేచోట H 68, S 45, అక్కడ ఆకు పసుపు పచ్చగా వెలుగుతుంది. బాగా మెరిసే ఆకులకి అసలు పచ్చ వేయలేదు. ఆ మెరుపు ఆకాశపు ప్రతిబింబం, దానికి రంగు ఉండదు. వేప కాండానికి, కొమ్మలకి పచ్చ తగలకుండా చిన్న బ్రష్‌తో బూడిద గోధుమ రంగు వేశాను.

ఫోటో ఎడమ మూలన, ఏటి వైపు, చిన్నగా చెట్ల వరస ఒకటి కనిపిస్తుంది. దానికి దగ్గరి వేప రంగే వేస్తే గోడ మీదికి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది. దూరం పెరిగేకొద్దీ మధ్యలో ఉన్న గాలి, దుమ్ము రంగుని తినేసి కాస్త నీలం కలుపుతాయి. H 130, S 9కి తగ్గించగానే ఆ వరస వెనక్కి పోయి తన చోట నిలబడింది.

ఫోన్ స్క్రీన్ మిమ్మల్ని మోసం చేస్తుంది

మొదటి రోజు నేను వేసిన గోడ స్క్రీన్ మీద చక్కగా కనిపించింది, ప్రింట్‌లో మాత్రం తెల్లకాగితం అయింది. కారణం నా ఫోన్ డిస్‌ప్లే వివిడ్ మోడ్‌లో ఉండటం. ఆ మోడ్ అన్ని రంగుల్నీ పెంచి చూపిస్తుంది, దాన్ని చూసి మనం తక్కువ వేస్తాం. సెట్టింగ్స్‌లో స్క్రీన్ కలర్‌ని నేచురల్‌కి మార్చండి. ఐ కంఫర్ట్, బ్లూ లైట్ ఫిల్టర్ లాంటివి ఆపేయండి, అవి నీలం గోడని బూడిద రంగు చేస్తాయి. ఆటో బ్రైట్‌నెస్ కూడా ఆపి, సగం దగ్గర పెట్టండి. పెద్ద ప్రింట్‌కి ముందు ఒక చిన్న ప్రింట్ తీసి పగటి వెలుగులో చూడటం మంచిది.

పని అయ్యాక నేను రెండు పరీక్షలు చేస్తాను. ఒకటి, ఫోటోని గోరంత చిన్నది చేసి చూడటం. గోడో, చెట్టో, ఆకాశమో ముందు కంటికి తగిలితే దాని రంగు ఎక్కువైందని అర్థం, కన్ను ముందు మనుషుల మీదికి పోవాలి. రెండు, రంగు వేసిన ఫోటో సాచురేషన్‌ని మళ్లీ సున్నా చేసి అసలుతో పోల్చడం. ఆకాశం తప్ప మిగతా అంతా అసలు ఫోటోలానే కనిపించాలి. ఇంకెక్కడైనా తేడా కనిపిస్తే అక్కడ రంగుతోపాటు వెలుగునీడలు కూడా మార్చేశారన్నమాట.

మొత్తం పనికి నాకు నాలుగు సాయంత్రాలు, రాజోలికి ఒక ప్రయాణం పట్టాయి. ఫైల్‌ని లేయర్లతో సహా ఒకటి, JPEG ఒకటి సేవ్ చేశాను. అసలు నలుపు-తెలుపు స్కాన్‌ని అదే ఫోల్డర్‌లో ఉంచాను. ప్రింట్ వెనక పెన్‌తో ఇలా రాశాను: “రంగులు తర్వాత వేసినవి. గోడ, జాజు పట్టీ: అవ్వ చెప్పింది, పాత గోడ పెచ్చు చూసి. చెట్టు: అదే నెలలో తీసిన వేప ఫోటో చూసి. ఆకాశం: ఊహ.” ఏది తెలిసింది, ఏది ఊహించింది అన్నది రాసి పెట్టకపోతే రేపు చూసేవాళ్లకి రెండూ ఒకటే.

కొత్త ప్రింట్ అవ్వకి ఇచ్చినప్పుడు ఏమీ చెప్పలేదు. కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. గోడ మీద వేలు పెట్టి, “ఆఁ, ఇది మనదే. ఆ జాజు పట్టీ నేనే పూస్తి, పెండ్లికి ముందు రోజు” అంది. ఇంకాసేపు చూసి, “ఆకాశం మాత్రం ఎట్లుండెనో నాకేం తెలుసురా. ఆ రోజు తల ఎత్తి చూసే తీరిక ఎవరికుండె?” అంది.

పాత క్రీమ్ గోడ ఫ్రేమ్‌ని మా చిన్నాయన కొడుకే తీసి, ఇది పెట్టాడు.